పేపర్ యాక్సెప్ట్ అయ్యాక ఎడిటర్‌కి రాసే చిన్న ఉత్తరం

> ఓయూలో పీహెచ్‌డీ చేస్తున్నాను. మూసీ నీళ్లతో పండే ఆకుకూరల్లో సీసం ఎంత ఉందో చూసిన మా పేపర్ రెండు రౌండ్ల తర్వాత యాక్సెప్ట్ అయింది. డబుల్ బ్లైండ్ జర్నల్. ఇప్పుడు ఫైనల్ ఫైళ్లు పెట్టమన్నారు, అక్కడ కవర్ లెటర్‌కి కూడా చోటుంది. ఎడిటర్‌కి, రివ్యూయర్లకి థ్యాంక్స్ చెప్పాలని నాకుంది. మా గైడ్ సార్ "ఇప్పుడు అవన్నీ ఎందుకమ్మా" అంటున్నారు. రెండో రివ్యూయర్ మొదట్లో చాలా కటువుగా రాశారు, కానీ పొడి బరువు, పచ్చి బరువు తేడా పట్టుకున్నది కూడా ఆయనే. రాయొచ్చా? రాస్తే ఏం రాయాలి, ఎంత రాయాలి?

రాయండి. అరపేజీ దాటకుండా రాయండి. మీ సార్ మాటలోనూ నిజం లేకపోలేదు. ఈ ఉత్తరం లేకపోయినా మీ పేపర్ ఆగదు, ఉన్నా ఒక్క రోజు ముందు రాదు. నేను పర్యావరణ రసాయన శాస్త్రంలో ఒక జర్నల్‌కి కొన్నేళ్లుగా అసోసియేట్ ఎడిటర్‌గా ఉన్నాను, అంతకంటే ముందు నుంచే రివ్యూలు రాస్తున్నాను. ఇలాంటి ఉత్తరాలు వచ్చి పడే వైపు కూర్చున్నవాణ్ని కాబట్టి, అక్కడ ఏది పనికొస్తుందో, దేన్ని చదవకుండా దాటేస్తామో చెప్పగలను.

ముందుగా ఒక చిన్న సంగతి చూసుకోండి. నిర్ణయం తెలిపిన మెయిల్‌లో సూటిగా యాక్సెప్ట్ అని ఉందా, లేక చిన్న మార్పులకి లోబడి యాక్సెప్ట్ అని ఉందా? రెండోదే అయితే పేపర్ ఇంకా ఎడిటర్ చేతిలోనే ఉన్నట్టు. అప్పుడు వాళ్లు ఎదురుచూసేది ఒక్కో మార్పుకీ మీరిచ్చే జవాబు కోసం. థ్యాంక్స్ చెప్పి ఆ జవాబులు మర్చిపోతే ఫైళ్లు వెనక్కి వస్తాయి. మీరు ఫైనల్ ఫైళ్లు అడిగారంటున్నారు కాబట్టి బహుశా ఆ గొడవ లేదు, అయినా మెయిల్ మరోసారి చివరిదాకా చదవండి. షరతులు చాలాసార్లు సంతకానికి పైన, ఎవరూ చదవని పేరాలో ఉంటాయి.

ఇక అసలు విషయం. ఈ ఉత్తరం ఎవరు చదువుతారన్నది తెలిస్తే ఏం రాయాలన్న సగం సందేహాలు పోతాయి. రివిజన్ పంపినప్పుడు రివ్యూయర్లకి జవాబులు రాసిన ఫైలు ఒకటి పెట్టారు కదా, దాన్ని రివ్యూయర్లు చూశారు. కవర్ లెటర్ అలా కాదు, మామూలుగా అది ఎడిటర్, ఎడిటోరియల్ ఆఫీసు మాత్రమే చూసే కాగితం. అంటే ఇందులో "గౌరవనీయులైన రివ్యూయర్ గారికి" అని మొదలుపెట్టి రెండు పేరాలు రాస్తే అవి ఆయన కంట పడవు. యాక్సెప్ట్ అయ్యాక పేపర్ రివ్యూయర్ల దగ్గరికి మళ్లీ వెళ్లదు కూడా. అందుకని ఉత్తరం ఎడిటర్‌నే ఉద్దేశించి రాయాలి, రివ్యూయర్లకి చెప్పదలచుకున్నది అందులోనే చెప్పి, వీలైతే వారికి అందజేయమని ఒక్క వాక్యంలో కోరాలి. కొందరు ఎడిటర్లు ఆ వాక్యాన్ని కాపీ చేసి రివ్యూయర్‌కి పంపుతారు, కొందరికి తీరిక ఉండదు. రెండూ మామూలే.

అందజేయకపోయినా అది వృథా పోదు. చాలా జర్నళ్లు పేపర్లు తీసుకోవడానికి వాడే Editorial Manager, ScholarOne రెండింటిలోనూ ఎడిటర్ రివ్యూయర్ పనికి మార్కులు వేసుకునే ఏర్పాటుంది. ఫలానా వ్యాఖ్య వల్ల పేపర్‌లో ఫలానాది మారిందని రచయితే చెబితే, తర్వాతి పేపర్ ఎవరికి పంపాలో ఆలోచించేటప్పుడు అది గుర్తొస్తుంది. "అమూల్యమైన సూచనలకు ధన్యవాదాలు" అన్న వాక్యానికి ఆ ఉపయోగం లేదు, ఎందుకంటే అది ప్రతి ఉత్తరంలోనూ ఉంటుంది. అన్నిటికీ ఒకేలా ఉన్నదాన్ని కన్ను దాటేస్తుంది.

కాబట్టి థ్యాంక్స్‌లో ఒక్కటైనా నిర్దిష్టమైన విషయం ఉండాలి. మీ దగ్గర అది సిద్ధంగానే ఉంది. మీ అంకెలు నాకు తెలియవు కాబట్టి ఊహించిన అంకెలతో చూద్దాం. తోటకూర ఎండబెట్టి పొడిచేసి పరీక్షిస్తే సగటున కిలోకి 2.4 మిల్లీగ్రాముల సీసం వచ్చిందనుకోండి. ఆకుకూరల్లో సీసానికి అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ కోడెక్స్ పెట్టిన పరిమితి కిలోకి 0.3 మిల్లీగ్రాములు. పక్కపక్కన పెడితే ఎనిమిది రెట్లు ఎక్కువగా కనిపిస్తుంది, గుండె ఝల్లుమంటుంది, పేపర్ టైటిల్‌లో "ప్రమాదకర స్థాయి" అని చేరిపోతుంది. కానీ ఆ పరిమితి మనం కొనుక్కొచ్చే పచ్చి కూరకి. తోటకూరలో సుమారు 91 శాతం నీరే అనుకుంటే పొడి మిగిలేది 9 శాతం. 2.4ని 0.09తో గుణిస్తే పచ్చి బరువు మీద 0.22 దాకా వస్తుంది. అంటే సగటు పరిమితికి లోపలే ఉంది. పొడి బరువు మీద 4.1 వచ్చిన శాంపిల్ ఒకటి ఉందనుకుంటే అది 0.37 అవుతుంది, అది మాత్రం దాటింది. "మూసీ కింద కూరలన్నీ విషం" అన్న ముగింపు పోయి "సగటు లోపలే ఉంది, కొన్ని మడుల్లో మాత్రం దాటింది, అవి ఎక్కడున్నాయో చూడాలి" అన్న ముగింపు వచ్చింది. ప్రతాపసింగారం వైపు ఆకుకూరలు పండించి బతికే రైతులకి ఈ రెండు వాక్యాల మధ్య ఎంత తేడా ఉందో మీకు వేరే చెప్పక్కర్లేదు.

ఇంత కథా ఉత్తరంలో రాయకండి. ఎడిటర్‌కి పేపర్ తెలుసు. "రెండో రివ్యూయర్ అడిగాక విలువలన్నీ పచ్చి బరువు మీద మళ్లీ లెక్కకట్టాం, దానితో మా ముగింపు మారింది" అంటే చాలు. ఒక వాక్యం, అందులో ఆయన ఏమడిగారు, మీరేం చేశారు, దానివల్ల ఏమైంది. ఈ మూడూ ఉంటే విశేషణాలు అక్కర్లేదు. "అద్భుతమైన", "లోతైన", "దార్శనికమైన" లాంటివి వేసుకుంటూ పోతే ముఖస్తుతిలా ఉంటుంది తప్ప విషయం తెలియదు.

ఇద్దరు రివ్యూయర్లలో ఒకరికే ఇలాంటి వాక్యం రాసి రెండోవారిని "మరియు మొదటి రివ్యూయర్‌కి కూడా" అని వదిలేయకండి. ఆయన రాసింది చిన్నదైనా అందులోంచి ఒకటి ఎంచండి. ఆకుల్ని కడిగాక పరీక్షించారా, కడగకుండానా అని అడిగి ఉండొచ్చు. మట్టి అంటుకుని ఉంటే సీసం అంకె పెరుగుతుంది కాబట్టి అది న్యాయమైన ప్రశ్న, దానికి మీరు పద్ధతుల భాగంలో ఒక వాక్యం చేర్చి ఉంటారు. అది చాలు. ఆయన వ్యాఖ్యల్లో నిజంగా ఏదీ ఉపయోగపడలేదంటే, లేనిది కల్పించకుండా చదివి సమయం ఇచ్చినందుకు థ్యాంక్స్ చెప్పండి. అబద్ధపు మెచ్చుకోలు ఎడిటర్‌కి ఇట్టే తెలిసిపోతుంది, ఆ రివ్యూ ఆయన ముందే ఉంటుంది కదా.

కటువుగా రాసిన సంగతి ఎత్తకండి. "మొదట బాధపడ్డాం కానీ తర్వాత అర్థమైంది" అని రాసేవాళ్లు చాలామంది ఉన్నారు. ఉద్దేశం మంచిదే, కానీ చదివేవాళ్లకి అది ఫిర్యాదుకి చక్కెర పూసినట్టుంటుంది. రివ్యూయర్ నిజంగా హద్దు మీరి, మీ ఇంగ్లీషునో మీ ఊరినో యూనివర్సిటీనో వెక్కిరించి ఉంటే అది ఎడిటర్‌కి వేరే మెయిల్‌లో, ఆ వాక్యాలు ఉటంకించి చెప్పాల్సిన విషయం. థ్యాంక్స్ చెప్పే ఉత్తరంలో దాన్ని దాచితే రెండూ చెడతాయి. ఆలస్యం సంగతీ అంతే. రివ్యూలకి ఎన్ని నెలలు పట్టినా ఇక్కడ "కొంత ఆలస్యమైనప్పటికీ" అన్న మాట వద్దు.

ఇంకో ప్రలోభం ఉంటుంది, అది మన హైదరాబాద్‌లో మరీ ఎక్కువ. తార్నాక, హబ్సిగూడ, ఉప్పల్ చుట్టూ ఐఐసీటీ, ఎన్‌ఐఎన్, ఎన్‌జీఆర్ఐ, సీసీఎంబీ లాంటి పరిశోధన సంస్థలు, మీ ఓయూ అన్నీ కూతవేటు దూరంలో ఉన్నాయి. నీళ్ల మీదా లోహాల మీదా పనిచేసేవాళ్లు ఒకరికొకరు ముఖపరిచయం ఉన్నవాళ్లే. రివ్యూలో ఒకే గ్రూపు పేపర్లు మూడు చదవమని ఉంటే "ఓహో, ఈయన ఫలానా సారే" అని ల్యాబ్‌లో తేల్చేస్తారు. ఆ ఊహ చాలాసార్లు తప్పవుతుంది, ఎందుకంటే ఆ పేపర్లు చదివిన ఎవరైనా వాటిని సూచించవచ్చు. ఊహ నిజమైనా సరే, ఉత్తరంలో దాని నీడ కూడా పడకూడదు. "మన నగరంలోనే ఈ రంగంలో పెద్దలైన రివ్యూయర్" లాంటి మాట రాస్తే పేరు రాయకపోయినా రాసినట్టే. తర్వాత సెమినార్‌లో కనబడితే వెళ్లి "సార్, ఆ రివ్యూ మీదే కదా, థ్యాంక్స్" అనకండి. ఆయన అవునన్నా కాదన్నా ఇబ్బందే. అజ్ఞాతంగా ఉంచుతామని జర్నల్ ఆయనకి మాటిచ్చింది, యాక్సెప్ట్ అయినంత మాత్రాన ఆ మాట చెల్లిపోదు. రివ్యూయరే తన రివ్యూ కింద పేరు రాసి సంతకం చేసి ఉంటే సంగతి వేరు. అప్పుడు కూడా పేపర్‌లో పేరు పెట్టేముందు ఎడిటర్ ద్వారా అడగండి.

ఇప్పటిదాకా థ్యాంక్స్ గురించే మాట్లాడాను. నిజానికి ఆ ఉత్తరాన్ని ఎడిటోరియల్ ఆఫీసు తెరిచేది వేరే పని కోసం. యాక్సెప్ట్ చేసిన ప్రతికీ, మీరు ఇప్పుడు పెడుతున్న ప్రతికీ తేడా ఏమిటో వాళ్లకి తెలియాలి. మీది డబుల్ బ్లైండ్ కాబట్టి తేడా తప్పకుండా ఉంటుంది. రివ్యూ కోసం దాచిన రచయితల పేర్లు, డిపార్ట్‌మెంట్, ఫెలోషిప్ లేదా ప్రాజెక్టు నంబరు, కృతజ్ఞతల భాగం, "రచయితల యూనివర్సిటీ" అని మూసిపెట్టిన చోట అసలు పేరు, ఇవన్నీ ఇప్పుడు తిరిగి వస్తాయి. ఉత్తరం మొదటి పేరాలో ఇవి చెప్పేసి, "ఇవి తప్ప మరే మార్పూ లేదు" అనండి. ఎడిటోరియల్ ఆఫీసులో ఫైళ్లు చూసే మనిషికి మీ ఉత్తరం మొత్తంలో బాగా పనికొచ్చే వాక్యం అదే. థ్యాంక్స్ దాని తర్వాత రావాలి.

"మరే మార్పూ లేదు" అని రాయాలంటే అది నిజమై ఉండాలి. ఇక్కడే చాలామంది జారతారు. ఫైనల్ ఫైలు తయారు చేస్తూ మూడో పట్టికలో ఒక అంకె తప్పు పడిందని కనిపిస్తుంది, 0.21 ఉండాల్సిన చోట 0.021 ఉంది. మెల్లగా దిద్దేసి ఊరుకుందామనిపిస్తుంది. అలా చేయకండి. రివ్యూయర్లు చూసి సరేనన్నది పాత అంకె ఉన్న పట్టికని. దిద్దండి, దిద్దినట్టు ఎడిటర్‌కి చెప్పండి: ఏ పట్టిక, ఏ వరస, పాత అంకె, కొత్త అంకె, ముగింపు మీద దాని ప్రభావం ఉందా లేదా. టైపింగ్ తప్పయితే ఉత్తరం మొదటి పేరాలోనే ఒక వాక్యం సరిపోతుంది. ముగింపు మారే తప్పయితే ఫైళ్లు పెట్టడం ఆపి ముందు ఎడిటర్‌కి విడిగా మెయిల్ రాయండి, అప్పుడు థ్యాంక్స్ ఊసు అవసరం లేదు. పేపర్ అచ్చయ్యాక తప్పు బయటపడితే సవరణ ప్రకటన వేయాలి, అది మీ పేపర్‌కి ఎప్పటికీ అంటుకునే ఉంటుంది.

సంబోధన దగ్గర మనవాళ్లకి ఒక అలవాటుంది, "రెస్పెక్టెడ్ సర్". ఎడిటర్ మహిళ అయితే ఆ ఒక్క మాటతోనే మీరు మెయిల్ కింద సంతకం చూడలేదని తెలిసిపోతుంది. నిర్ణయం మెయిల్ కింద ఉన్న పేరు ఎలా ఉందో అలాగే కాపీ చేసి ముందు "డియర్ డాక్టర్" లేదా "డియర్ ప్రొఫెసర్" పెట్టండి. పూర్తి పేరే పెట్టేస్తే మన దక్షిణాది పేర్లలో ఏది ఇంటిపేరో, ఏది అసలు పేరో అన్న మీమాంస కూడా ఉండదు. మెయిల్ కింద ఇద్దరి పేర్లుంటే, మీ పేపర్ చూసిన అసోసియేట్ ఎడిటర్‌ని సంబోధించి, చీఫ్ ఎడిటర్‌ని థ్యాంక్స్ వాక్యంలో కలపండి. "యువర్ ఎస్టీమ్డ్ జర్నల్", "కైండ్లీ డూ ద నీడ్‌ఫుల్", "విత్ ఫోల్డెడ్ హ్యాండ్స్" తీసేయండి. తప్పని కాదు, ఆఫీసు అర్జీ వాసనొస్తుంది.

ఉత్తరం ఇంగ్లీషులోనే వెళ్తుంది. వాక్యాల వరస మీకు కనబడాలని ఇక్కడ తెలుగులో రాస్తున్నాను, వివరాలు మీవి పెట్టుకోండి.

> డియర్ డాక్టర్ (పూర్తి పేరు),
>
> మా పేపర్ (మాన్యుస్క్రిప్ట్ నంబరు) ఫైనల్ ఫైళ్లు పంపుతున్నాం. యాక్సెప్ట్ చేసిన ప్రతికి చేర్చినవి ఇవి: రచయితల పేర్లు, చిరునామాలు, ఫెలోషిప్ వివరాలు, కృతజ్ఞతల భాగం, పద్ధతుల భాగంలో మూసిపెట్టిన యూనివర్సిటీ పేరు. పట్టిక 3, ఐదో వరసలో 0.021 అని పడిన టైపింగ్ తప్పుని 0.21గా దిద్దాం, మిగతా లెక్కలన్నీ సరైన విలువతోనే చేసినవి. ఇవి తప్ప మరే మార్పూ లేదు.
>
> రెండు రౌండ్లలోనూ పేపర్‌ని ఓపికగా నడిపించినందుకు మీకు కృతజ్ఞతలు. ఏ వ్యాఖ్యలకి తప్పనిసరిగా జవాబివ్వాలో మీ మొదటి మెయిల్‌లో విడిగా చెప్పడం మాకెంతో ఉపయోగపడింది. ఇద్దరు రివ్యూయర్లకీ మా ధన్యవాదాలు. మొదటి రివ్యూయర్ అడిగిన ప్రశ్న వల్ల ఆకులు కడిగిన పద్ధతిని వివరంగా రాశాం. రెండో రివ్యూయర్ సూచన మీద సీసం విలువలన్నీ పచ్చి బరువు మీద మళ్లీ లెక్కకట్టాం, దానితో పేపర్ ముగింపే మారింది. వీలైతే ఈ మాట వారికి అందజేయగలరు.
>
> రచయితలందరి తరఫున,
> (కరెస్పాండింగ్ ఆథర్ పేరు)

ఎడిటర్‌కి చెప్పిన థ్యాంక్స్‌లో కూడా ఒక నిర్దిష్టమైన పని పెట్టాను, గమనించండి. మీ ఎడిటర్ అలా విడదీసి చెప్పకపోతే ఆ వాక్యం తీసేయండి. బహుశా ఇద్దరు రివ్యూయర్లు ఒకరికొకరు విరుద్ధంగా అడిగినప్పుడు ఎటు వెళ్లాలో తేల్చి ఉంటారు, లేదా గడువు పొడిగించి ఉంటారు. మెయిళ్లు వెనక్కి వెళ్లి చూస్తే ఏదో ఒకటి దొరుకుతుంది. దొరక్కపోతే "ఓపికగా నడిపించినందుకు" అన్నది చాలు. ఇంకా ఉత్తరంలో "మా తర్వాతి పేపర్ కూడా మీకే పంపుతాం", "మీ జర్నల్ పేపర్లు ఇకపై ఎక్కువగా సైట్ చేస్తాం" లాంటివి లేవు. మొదటిది అనవసరం. రెండోది బేరంలా ఉంటుంది, పరిశోధన నీతి విషయంలో ఎడిటర్లు ఈ రోజుల్లో చాలా జాగ్రత్తగా ఉంటున్నారు. కాన్ఫరెన్స్‌లో కలిస్తే ఉస్మానియా బిస్కెట్ల డబ్బా ఇద్దామనే ఆలోచన ఉన్నా, ఇంకో పేపర్ వాళ్ల దగ్గర ఉన్నంతకాలం వాయిదా వేయండి.

ఈ ఉత్తరం ఎక్కడ పెడుతున్నారో చూసుకోండి. అప్‌లోడ్ చేసేటప్పుడు ప్రతి ఫైలుకీ రకం ఎంచుకోమంటుంది, దీనికి `Cover Letter` ఎంచండి. తొందరలో దీన్ని సప్లిమెంటరీ మెటీరియల్ కింద పెడితే, అది పేపర్‌తో పాటే ఆన్‌లైన్‌కి వెళ్లే దారిలో పడుతుంది. మాకు తెలిసినవాళ్ల పేపర్ ఒకదానికి అలాగే జరిగి, ప్రూఫుల దశలో ఎవరో గమనించి ఆపారు. ఉత్తరం పెట్టాక సిస్టమ్ తయారు చేసిన పీడీఎఫ్ తెరిచి చివరి పేజీల దాకా చూడండి.

కొన్ని జర్నళ్లలో యాక్సెప్ట్ అవగానే ఫైళ్లు తిన్నగా ప్రొడక్షన్‌కి వెళ్లిపోతాయి, ఉత్తరం పెట్టే చోటే ఉండదు. అలాంటప్పుడు నిర్ణయం వచ్చిన మెయిల్‌కే జవాబు రాయొచ్చు, కానీ ముందు ఆ చిరునామా చూడండి. `noreply` అని ఉంటే మీ మాట ఎవరికీ చేరదు. సంతకం కింద ఉన్న ఎడిటోరియల్ ఆఫీసు మెయిల్‌కి రాయండి, సబ్జెక్ట్ లైన్‌లో మాన్యుస్క్రిప్ట్ నంబరు తప్పనిసరి. ఆ నంబరు లేకుండా "థ్యాంక్యూ" అని మాత్రమే ఉన్న మెయిల్ ఏ పేపర్‌దో వెతుక్కోవడం వాళ్లకి తలనొప్పి.

మీరు కరెస్పాండింగ్ ఆథరా, మీ సారా? మన యూనివర్సిటీల్లో ఎక్కువగా గైడే ఉంటారు. అలాగైతే ఉత్తరం ఆయన పేరుతో, ఆయన లాగిన్ నుంచే వెళ్లాలి. మీరు డ్రాఫ్ట్ తయారు చేసి "సార్, ఫైనల్ ఫైళ్లతో మార్పుల జాబితా ఇవ్వాలి, అందులోనే రెండు వాక్యాలు థ్యాంక్స్ కలిపాను, ఒకసారి చూడండి" అని ఇవ్వండి. థ్యాంక్స్ కోసమే వేరే ఉత్తరం అంటే ఎందుకని అడుగుతారు, మార్పుల జాబితా అంటే ఎవరూ కాదనరు. సార్‌కి తెలియకుండా మీ సొంత మెయిల్ నుంచి ఎడిటర్‌కి విడిగా రాయకండి, రచయితల మధ్య ఏదో పొరపొచ్చం ఉందేమోనని వాళ్లకి అనుమానం వస్తుంది.

రివ్యూయర్లకి బహిరంగంగా థ్యాంక్స్ చెప్పేది పేపర్ చివరి కృతజ్ఞతల భాగంలో. ఉత్తరం ఎడిటర్ దగ్గర ఆగిపోవచ్చు, పేపర్ మాత్రం రివ్యూయర్ ఎప్పటికైనా చూస్తారు. "పేరు తెలియని ఇద్దరు రివ్యూయర్ల వ్యాఖ్యలకి కృతజ్ఞతలు" అని ఒక వాక్యం చాలు. రాసేముందు లెక్క చూసుకోండి, రెండో రౌండులో కొన్నిసార్లు మూడో రివ్యూయర్ వస్తారు, మీరు "ఇద్దరు" అంటే ఒకరు బయట ఉండిపోతారు. జర్నల్ నియమాలు కూడా చదవండి, అన్నీ దీన్ని ఒప్పుకోవు. నేచర్ పత్రిక రచయితలకిచ్చే సూచనల్లో, కృతజ్ఞతల భాగంలో అజ్ఞాత రిఫరీలకి, ఎడిటర్లకి థ్యాంక్స్ చెప్పవద్దని స్పష్టంగా ఉంది. అలాంటి చోట ఈ కవర్ లెటరే మీకు మిగిలిన దారి. ఇక పేరు పెట్టి థ్యాంక్స్ చెప్పేవాళ్ల సంగతి, ఉదాహరణకి పొలాలు చూపించినవాళ్లు, ల్యాబ్‌లో సాయం చేసినవాళ్లు. పేరు కనిపిస్తే ఫలితాలతో వాళ్లు ఏకీభవించినట్టు చదివేవాళ్లు అనుకోవచ్చు. అందుకే వైద్య పత్రికల ఎడిటర్ల అంతర్జాతీయ కమిటీ రాతపూర్వక అనుమతి తీసుకోమంటుంది. మీది వైద్య పత్రిక కాకపోయినా ఈ పద్ధతి పాటించడం మంచిది. సీసం ఎక్కువ వచ్చిన మడి యజమాని పేరు కృతజ్ఞతల్లో పడితే ఆయన కూర ఎవరు కొంటారు? ఆయన్ని అడగండి, లేదా "రైతులకి" అని ఊరుకోండి.

చివరగా, థీసిస్ సబ్మిషన్ దగ్గర పడి డీఓఐ ఎప్పుడొస్తుందో తెలుసుకోవాల్సిన తొందర మీకుండొచ్చు, ఓపెన్ యాక్సెస్ ఫీజులో రాయితీ అడగాల్సి రావొచ్చు. ఆ రెండూ ఈ ఉత్తరంలో కలపకండి. థ్యాంక్స్ తర్వాత వెంటనే ఒక కోరిక వస్తే ముందు చెప్పిన థ్యాంక్స్ దాని కోసమే అనిపిస్తుంది. పైగా ఆ పనులు ఎడిటర్ చేతిలో ఉండవు, ప్రొడక్షన్ వాళ్లకో పబ్లిషర్ కస్టమర్ సర్వీస్‌కో విడిగా రాయాలి. ఫీజు రాయితీ చాలాచోట్ల పేపర్ పంపేటప్పుడే అడగాలి, ఆ మెట్టు దాటిపోయిందేమో ముందే చూసుకోండి.

ఉత్తరానికి జవాబు రాకపోతే కంగారు పడకండి, మళ్లీ రాయకండి. మెయిల్‌లో ఇప్పుడు మీరు కనిపెట్టుకుని ఉండాల్సింది ప్రూఫుల కోసం. అవి వేరే చిరునామా నుంచి, చాలాసార్లు టైప్‌సెట్టింగ్ కంపెనీ పేరుతో వస్తాయి కాబట్టి స్పామ్‌లో పడే అవకాశం ఎక్కువ. సరిచూసి పంపడానికి సాధారణంగా రెండు మూడు రోజులే ఇస్తారు. వచ్చిన రోజే పట్టికల్లో దశాంశ బిందువులు, పచ్చి బరువు అన్న మాట ప్రతి పట్టిక తలకట్టులోనూ ఉందో లేదో చూడండి.